డబ్బుంది, కార్డు మాత్రం పనిచేయలేదు: ఇందులో మా తప్పు ఎంత?

"ఖాతాలో సరిపడా డబ్బుంది. అయినా మీ సైట్‌లో కార్డు డిక్లైన్ అంటోంది. ఎందుకు?"

పోయిన వారం ఒక కస్టమర్ ఇలా అడిగారు. మా పేమెంట్ రికార్డు తీసి చూస్తే తప్పు సగం మాదేనని తేలింది.

ఆమె డెబిట్ కార్డు ఖాతాలో 10,000 ఉంది, ఆర్డర్ 4,000. మొదటిసారి కార్డు కొట్టగానే బ్యాంకు సరేనంది, ఆ 4,000 పక్కన పెట్టేసింది. దీన్నే హోల్డ్ అంటారు. డబ్బు ఖాతా దాటదు, కానీ వాడుకోవడానికీ ఉండదు. అయితే ఆమె టైప్ చేసిన బిల్లింగ్ అడ్రస్, బ్యాంకు దగ్గరున్న అడ్రస్ కలవలేదు. (ఈ పోలిక అన్ని దేశాల బ్యాంకులూ చూడవు.) అడ్రస్ కలవకపోతే ఆపేయమని, కార్డు పేమెంట్లు నడిపే మా గేట్‌వేలో మేమే పెట్టుకున్నాం. అంటే బ్యాంకు ఒప్పుకున్న పేమెంట్‌ని మేం కాదన్నాం. తెరమీద మాత్రం ఒక్క మాటే: డిక్లైన్.

ఆమె మళ్లీ అదే అడ్రస్‌తో ప్రయత్నించారు. ఇంకో 4,000 హోల్డ్‌లో పడింది. మూడోసారి అడ్రస్ సరిచేశారు. అప్పటికి వాడుకోవడానికి మిగిలింది 2,000 మాత్రమే. ఈసారి బ్యాంకే కాదంది, కోడ్ 51, అంటే నిధులు చాలవని. పాపం, అన్నీ సరిగ్గా ఇచ్చింది ఆ ఒక్కసారే. యాప్‌లో మొత్తం బ్యాలెన్స్ ఇంకా 10,000 అనే చూపిస్తుంటే ఎవరికైనా టెన్షన్ రాదా?

మేం పేమెంట్ ఆపేసినప్పుడు హోల్డ్ తీసేయమని బ్యాంకుకు రివర్సల్ పంపాలి. మా సెట్టింగ్‌లో అది ఆఫ్‌లో ఉంది, ఇన్నాళ్లూ మేం గమనించలేదు. ఇప్పుడు ఆన్ చేశాం. అడ్రస్ కలవకపోతే ఇకపై ఆ మాటే తెరమీద కనిపిస్తుంది. రివర్సల్ పంపినా కొన్ని బ్యాంకులు హోల్డ్ తీయడానికి కొన్ని రోజులు తీసుకుంటాయి. అక్కడ మేం చేయగలిగింది తక్కువ.

మీకూ ఇలాగే అయితే యాప్‌లో మొత్తం బ్యాలెన్స్ కాకుండా 'అందుబాటులో ఉన్న బ్యాలెన్స్' చూడండి. పెండింగ్‌లో మా పేరు కనిపిస్తే మళ్లీ నొక్కకండి, ప్రయత్నించిన సమయం మాకు పంపండి. పెండింగ్‌లో ఏమీ లేకపోతే బ్యాంకు మొదటే ఆపేసినట్టు. ఆన్‌లైన్ వాడకం ఆఫ్‌లో ఉండటమో, రోజువారీ పరిమితి దాటడమో అయ్యుండొచ్చు. కోడ్ 05 వస్తే బ్యాంకు కాదన్నట్టే, కారణం మాత్రం మాకూ చెప్పదు. ఆ ఫోన్ బ్యాంకుకు మీరే చేయాలి.

ఆ కస్టమర్ రెండు హోల్డ్‌లకీ రివర్సల్ పంపాం. ఒకటి మర్నాడే పోయింది, రెండోది ఇంకా పెండింగ్‌లోనే ఉంది. ఆమె ఆర్డర్ పక్కన పెట్టి ఉంచాం.