వాట్లు చూసి కొంటే చదువుకునే గదికి వెలుగు చాలదు

సంపాదకులు గారికి,

హన్మకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలుండే అద్దె గదుల్లో, రీడింగ్ హాళ్లలో లైట్లు మార్చాలంటే ఇప్పటికీ దుకాణంలో "తొమ్మిది వాట్లది ఇవ్వు" అనే అడుగుతరు. వాట్లు చెప్పేది ఎంత కరెంటు కాలుతుందో. వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. అదే 9 వాట్ల బల్బుకు ఒక డబ్బా మీద 720 ల్యూమెన్లని, ఇంకో డబ్బా మీద 900 అని ఉండొచ్చు. బిల్లు ఒకటే, వెలుగు మాత్రం పావు వంతు ఎక్కువ.

పదికి పది అడుగుల గది అంటే దాదాపు 9.3 చదరపు మీటర్లు. అందులో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులైటు 2000 ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. గోడలు, సీలింగు మింగగా సగమే టేబుల్ దాకా వస్తే చదరపు మీటరుకు 107 ల్యూమెన్లు పడతాయి. ఈ లెక్కనే లక్స్ అంటారు. గోడలకు ముదురు రంగు ఉంటే అంత కూడా రాదు. గంటల తరబడి చదవాలంటే పుస్తకం మీద కనీసం 300 లక్స్ ఉండాలి. దానికోసం ఇంకో రెండు మూడు ట్యూబులు బిగించడం దండుగ. 5 వాట్లు, 450 ల్యూమెన్ల బల్బుతో టేబుల్ లైటు పెడితే చాలు. దాని డోము వెలుగును కిందికే కొడుతుంది కాబట్టి, అందులో 250 ల్యూమెన్లు చదరపు మీటరు మేర పడినా మొత్తం 350 దాటుతుంది. కుడిచేత్తో రాసేవాళ్లు దాన్ని ఎడమ పక్కన పెట్టుకోవాలి, లేకుంటే చేతి నీడ రాసే అక్షరం మీదే పడుతుంది.

ఇక డబ్బా మీద 3000K, 4000K, 6500K అని ఉండేది వెలుగు రంగు. అంకె పెరిగితే వెలుగు పెరుగుతుందనుకోవడం పొరపాటు, నీలం పాలు పెరుగుతుందంతే. అడగకపోతే చేతికొచ్చేది ఎక్కువగా 6500K తెల్లబల్బే. చదువుకు 4000K నయం. రాత్రి పొద్దుపోయేదాకా చదివేవాళ్లు టేబుల్ లైటుకు 3000K వేసుకుంటే ఆ తర్వాత నిద్రకు అడ్డం తక్కువ.

చవక బల్బుల్లో ఇంకో రోగం ఉంది. లోపల కరెంటును సర్దే డ్రైవరు నాసిరకమైతే వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. చూస్తే తెలియదు గానీ, తలనొప్పి తెప్పిస్తుంది. ఆ ఒక్క బల్బు వెలుగులోనే పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఊపి చూడండి. మసకగా ఒకే చారలా కాకుండా విడివిడి పెన్సిళ్లు కనిపిస్తే ఆ బల్బు తిరిగి ఇచ్చేయడమే.

హాస్టళ్లకు, గ్రంథాలయాలకు లైట్లు కొనే అధికారులకు మనవి. టెండరులో "9 వాట్ల బల్బులు" అని వదిలేయకుండా, వాటుకు కనీసం 100 ల్యూమెన్లు, 4000K, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ 80కి తగ్గకుండా అని రాయించండి. ఈ అంకెలు డబ్బా మీద అచ్చు లేని సరుకు దించుకోకండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, హన్మకొండ