మనిషిని తీసేసిన ఫోటోల గోడ ఎందుకు వంకర పోయింది, ఇప్పటి సంది ఆ పని ఎట్ల చేస్తం

“అన్నా, ఫోన్ల చూసినప్పుడు మంచిగనే ఉండె. ఫ్రేము కట్టించి గోడకు పెట్టినంక చూస్తే ఎనక టైల్స్ వంకర పోయినయి, అమ్మ భుజం మీద ఎవరివో రెండు వేళ్లున్నయి. ఏం జేసిండ్రు?”

నల్లగొండలనే ఉండే మా ఫోటో షాపు పాత కస్టమర్లు అడిగిన మాట ఇది. అడగాల్సిందే. గృహప్రవేశం రోజు పదకొండు మంది నిలబడ్డ గ్రూపు ఫోటో, ఎడమ దిక్కు నుంచి మూడో మనిషిని తీసెయ్యమన్నరు. ఎందుకని మేం అడగలే, అడగం కూడ. ఆ నెల పెళ్లిళ్ల ఆల్బంల పని మీదుండి, ఫైలును హైదరాబాద్‌ల మేం ఎడిటింగుకు పంపే చోటికి పంపినం. తెల్లారేసరికి వచ్చింది. ఫోన్ల చూసి సరే అనుకొని 12×18 కొట్టిచ్చినం. అక్కడ చేసింది వాళ్లే, కానీ చూడకుండ కొట్టింది మేము. కవరు మీద ఉన్న పేరు కూడ మాదే.

ఫోన్ల ఎందుకు కనవడలేదో చెప్తం, ఇది మీకూ పనికొస్తది. 18 అంగుళాల ప్రింట్ల ఒక మిల్లీమీటరు వంకర, ఫోన్ అద్దం మీద దాంట్ల చిన్న వంతే ఉంటది. కన్ను పట్టదు. అదే ఫోటో హాల్ల గోడకెక్కితే రోజూ సోఫాల కూసుండి దాన్నే చూస్తరు.

ఇగ అక్కడ ఏం జరిగిందంటే, మనిషి చుట్టూ గీత గీసి ఫోటోషాప్‌ల Content-Aware Fill ఒక్కసారి నొక్కి వదిలేసిండ్రు. ఆ సాధనం చెడ్డదేం కాదు, మేమూ వాడతం. అది ఫోటోల మిగిలిన చోట్లకెల్లి చిన్న చిన్న ముక్కలు తెచ్చి, అంచుల పక్కన ఉన్నదానికి కలిసేటట్టు పేరుస్తది. ఉత్త సున్నం గోడైతే అంతే చాలు. కానీ మనిషి వెనక ఇటుక నమూనా టైల్స్ ఉన్నయి, పైన బంతిపూల దండ ఉన్నది, కింద గచ్చు గీతలున్నయి. గీత అనేది నిటారుగ పోవాలని ఆ సాధనానికి తెల్వదు. ఎడమ దిక్కు టైల్ సందు, కుడి దిక్కు సందు నడుమ కలవక మెట్టులాగ విరిగింది. దండల అవే రెండు పూలు మూడు సార్లు వచ్చినయి. పక్కన నిలబడ్డ వాళ్ల అమ్మ, మేం పెద్దమ్మ అంటం, ఆమె చీర ఎరుపు కొంచెం గోడల కలిసింది. ఏ చోటు నుంచి ముక్కలు తీసుకోవాలో ఆకుపచ్చగ చూపిస్తది; Sampling Brush తోటి మనుషుల మీది ఆకుపచ్చను తుడవాలి. ఆ రెండు నిమిషాల పని చెయ్యలే. వేళ్లు ఎందుకు మిగిలినయంటే, తీసేసిన మనిషి చెయ్యి పెద్దమ్మ భుజం మీదుండె, గీత గీసినోళ్లు మణికట్టు దగ్గరనే ఆపిండ్రు. గచ్చు మీద నీడ కూడ అట్లనే ఉన్నది. మనిషి లేడు, నీడ ఉన్నది.

వాళ్లకు ఫోను చేస్తే “మీరు ఇచ్చే పైసలకు అంతే అయితది” అన్నరు. సరే. ఈ పని ఇంక బయటికి పోదు.

ఆ ఫోటోను మళ్ల మొదటికెల్లి చేసినం. ఎట్ల చేసినమో చెప్తే, మేం మూడు రోజులు ఎందుకు అడుగుతున్నమో మీకే తెలుస్తది.

మొదటి పని కంప్యూటర్ల కాదు, కెమెరా కార్డుల. అదే చోట ఆ రోజు తీసిన వేరే ఫోటోలు వెతికినం. మనుషులు నిలబడకముందు తీసిన ఒక ఫోటో దొరికితే సగం పని అయినట్టే; అసలు గోడకు మించిన గోడ లేదు. మాకు దొరికింది కొంచెం పక్క నుంచి తీసిన ఫోటో. దాంట్ల తీసేసే మనిషి వెనకున్న కిటికీ ఎడమ చట్రం నడుము ఎత్తు దాకనే కనవడ్డది, కింద భాగం కుర్చీ చాటున పోయింది. అయినా చట్రం ఎక్కడుండాల్నో దాని తోటి తెలిసింది.

రెండోది గీతలు. మనిషిని తీయకముందే ఇది చెయ్యాలి, ఎందుకంటే తీసినంక అంచు ఎక్కడిదో మర్చిపోతం. అసలు ఫోటో మీద పరిచే కొత్త పొర, అంటే లేయర్ మీద, మనిషికి ఎడమ దిక్కున్న ప్రతి టైల్ సందును పట్టుకొని కుడి దిక్కు సందు దాకా సన్నగ గీత లాగినం. గోడ కెమెరాకు ఎదురుగ లేదు, కొంచెం ఓరగ ఉన్నది. అందుకే గీతలు అడ్డంగ సమానంగ పోవు, కుడికి పోయిన కొద్దీ దగ్గరికొస్తయి. పైగీత, కిందిగీత తప్పు లేకుండ కలిస్తే నడిమివి వాటంతట అవే కుదురుతయి.

తర్వాత టైల్స్. Vanishing Point అనే ఫిల్టర్ల, కనవడే నాలుగు టైల్స్ మూలల మీద గడి పెడితే, అక్కడి ముక్కను ఇవతలికి జరిపినప్పుడు ఆ ఓరను బట్టి అదే చిన్నగ పెద్దగ అయితది. ముక్కలు ఒకే చోటు నుంచి తేలే. గోడ మీద మూడు వేరే వేరే చోట్ల నుంచి తెచ్చినం, టైల్ మీది అదే మరక రెండు చోట్ల కనవడితే చూసేటోళ్లు పట్టేస్తరు. అతుకుల మీద, ఒక చోటిది ఉన్నదున్నట్టు ఇంకో చోట అద్దే Clone Stamp నే వాడినం, Healing Brush కాదు. హీలింగ్ బ్రష్ రంగును చుట్టుపక్కల తోటి కలుపుతది. పక్కన నల్ల జుట్టో చీర అంచో ఉంటే ఆ రంగు గోడకు పాకి పొగ పట్టినట్టయితది.

ఇగ మేం ఎక్కువ తన్లాడింది ఖాళీ గురించి. నడుమ ఒక మనిషి పోతే 18 అంగుళాల ప్రింట్ల దాదాపు అంగుళమున్నర ఖాళీ వస్తది, పన్ను ఊడినట్టు. దారి రెండున్నయి. ఎడమ దిక్కున్న ఇద్దర్ని కుడికి జరపాలి, లేదంటే ఖాళీని అట్లనే ఉంచి వెనక గోడ కట్టాలి. జరపడం చూస్తే సులువు అనిపిస్తది: వెనక కట్టాల్సిన గోడ తగ్గుతది, ఎడమ చివర వచ్చే కొత్త ఖాళీని కత్తిరించెయ్యొచ్చు. ఒక పూట అట్లనే చేసి చూసినం. ఇద్దరి జుట్టు, చీర కుచ్చిళ్లు, ఉత్త కాళ్ల వేళ్ల కింద నీడ, అన్నీ విడదియ్యాలి. కాళ్లు జరిగితే గచ్చు గీత మీద పడే చోటు మారుతది. గచ్చు వెడల్పు కెమెరాకు దగ్గర ఒక తీరు, దూరం ఒక తీరు ఉంటది కాబట్టి, ఇద్దరు గాల్ల తేలినట్టు కనవడ్డరు. పైగా ఎడమ దిక్కు నుంచి వెలుతురు వస్తున్నది. మనుషులు ఒకరి పక్కకు ఒకరు చేరితే, ఒకరి నీడ ఇంకొకరి మీద పడాలి. అది లేదు. మళ్ల పడేసినం.

ఖాళీని ఉంచడానికే పట్టు పట్టినం. దానికి ధైర్యం ఇచ్చింది ఆ కిటికీ. దాని ఎడమ చట్రం సరిగ్గ ఆ ఖాళీలనే వస్తది. చట్రం నిలువు గీత, పైనుంచి దిగే దండ కొస, రెండూ అక్కడ కనవడితే అది ఖాళీ అనిపియ్యదు, కిటికీ ముందల ఎవ్వరు నిలబడలే అనిపిస్తది. అయితే ఆ చట్రం కింద సగం ఏ ఫోటోల లేదు. కుడి చట్రం మొత్తం కనవడతున్నది, దాన్ని తిప్పి పెడితే సరి. కానీ తిప్పితే వెలుతురు కూడ తిరుగుతది: కుడి చట్రానికి లోపలి అంచు మెరుస్తున్నది, తిప్పి ఎడమకు పెట్టినంక మెరవాల్సింది బయటి అంచు. మెరిసే అంచును, వెలుతురు పెంచి తగ్గించే Curves తోటి చీకటి చేసి, బయటి అంచును వెలిగిచ్చినం. ఇట్ల తిప్పి పెట్టిన చోట్ల నీడ తప్పు దిక్కు పడడం చాన చూస్తం. ఏం తప్పో చెప్పలేరు గని, ఏదో తేడా ఉన్నదని అందరికీ తెలుస్తది.

పెద్దమ్మ భుజం మీది వేళ్లు వేరే కథ. ఆమె కట్టింది పోచంపల్లి చీర. దాంట్ల గళ్ల అంచు కత్తితో కోసినట్టుండదు, దారానికి ముందే రంగు అద్ది నేస్తరు కాబట్టి కొంచెం చెదిరి ఉంటది. గట్టి అంచు బ్రష్ తోటి అతికితే స్టిక్కరు లాగ ఉన్నది. ఇంకో భుజం మీది ముక్క తెచ్చి, కొంగు మడత వాలిన దిక్కుకు వంచి, గళ్ల వరుస ముందర వరుస తోటి కలిపి, మెత్తని అంచు తోటి పెట్టినం. రవిక మీద చెయ్యి నొక్కిన ముడత ఒకటి మిగిలింది. దాన్ని వదిలేసినం, బట్టకు ముడతలు సహజం.

నీడల సంగతి. పోయిన మనిషి నీడ తీసినం, కానీ అంతటితోటి కాదు. ఆయన లేకపోతే పెద్దమ్మ నీడ ఇప్పుడు కుడి దిక్కున్న గోడ మీద పడాలి. వేరే లేయర్ మీద గోడ రంగునే చీకటి చేసి, కాళ్ల దగ్గర గట్టిగ, పైకి పోయిన కొద్దీ చెదిరినట్టు వేసినం. ఉత్త నల్లరంగు వేస్తే బొగ్గు పూసినట్టుంటది. చివరికి రవ్వ. సాయంత్రం వెలుతురుల తీసిన ఫోటోల సన్న రవ్వ ఉంటది, కొత్తగ కట్టిన చోటు నున్నగ ప్లాస్టిక్ లాగ మెరుస్తది. Add Noise కొంచెం కొంచెం పెంచుకుంట, ఫోటోను 200 శాతం జూమ్ చేసి పక్క గోడ తోటి కలిసిందాక చూసినం.

ఇప్పుడు మీకు సంబంధించినవి. ఇట్లాంటి పని ఇంక మా షాపులనే అయితది, మూడు రోజులు పడతది. సాదా గోడో ఆకాశమో ఉంటే పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకపోవచ్చు. మొత్తం ప్రింటు కొట్టకముందు, కట్టిన చోటు వరకే అసలు సైజుల ఒక 4×6 ముక్క కొట్టి మీ చేతుల పెడతం. మీరు చూసి సరే అన్నంకనే పెద్దది. ఫోన్ల పంపి “ఓకేనా” అని అడిగే పద్ధతి బంద్. “మనిషిని తీసేసుడు ఫోన్ల అర నిమిషంల అయితది గద” అంటున్నరు కొందరు. అయితది. ఫోన్ల చూసుకునేటందుకు అది చాలు, దానికి మా దగ్గర పైసలు పెట్టకండి.

ఫోటోను వాట్సాప్ల మామూలుగ పంపితే చిన్నదై వస్తది, డాక్యుమెంట్ లాగ పంపండి, లేకపోతే కార్డే తెండి. అదే రోజు అదే చోట తీసిన మిగతా ఫోటోలు కూడ తేవాలి, పాడైనయి అనుకున్నవి సుత. తీసేసే మనిషి వేరే వాళ్ల మొఖానికి అడ్డముంటే, ఆ మొఖం ఇంకో ఫోటోల లేకపోతే, మేం చెయ్యం. ఊహించి గీసిన మొఖం మీ వాళ్లది కాదు. కోర్టు కాయితాలకో ఆఫీసుకో సాక్ష్యంగ పెట్టే ఫోటోలల్ల కూడ ఎవర్నీ తీయం.

బయటికి పంపినప్పుడు చేయించిన ఫోటోలు ఇంకా ఏడు ఇండ్లల్ల ఉన్నయని మా పుస్తకంల ఉన్నది. ఒక్కొక్కరికి ఫోను చేస్తున్నం. అన్నీ మళ్ల చేసి ఇస్తం, పైసా తీసుకోం. తెచ్చేటప్పుడు ఫ్రేము మీరు విప్పకండి. తేమకు ఫోటో అద్దానికి అంటుకొని ఉంటే, లాగినప్పుడు పైపొర అద్దంతోటే పోతది. అట్లనే తెండి, మేమే విప్పుతం.