చేతులు వణికితే కాపీ కొడుతున్నట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. సీసీ కెమెరాలు, ఫ్లయింగ్ స్క్వాడ్లు, ప్రశ్నపత్రాల భద్రత గురించి వార్తలు చదువుతున్నాం. టెన్షన్‌తో వణికిపోయే పిల్లవాడిని ఎలా చూసుకోవాలో ఇన్విజిలేటర్లకు ఎవరైనా చెబుతున్నారా? జంతుశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకుడిగా నా ఆందోళన ఇదే.

కిందటేడు మా బంధువులమ్మాయికి జరిగింది చెబుతాను. ఫిజిక్స్ పేపరు చేతికి రాగానే గుండె దడదడలాడింది. అరచేతుల చెమటకు ఓఎంఆర్ షీటు తడిసింది, పెన్ను పట్టు జారింది. ఆ కంగారు చూసి ఇన్విజిలేటర్‌కు అనుమానం వచ్చింది. అమ్మాయిని లేపి నిలబెట్టి వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా ఆయన ఆ బెంచీ పక్కనుంచి కదల్లేదు. ఆ పిల్ల తేరుకుని రాయడం మొదలుపెట్టేసరికి అరగంట దాటింది.

ఆ అమ్మాయి ఒంట్లో జరిగినదాంట్లో తప్పు చేసిన లక్షణం ఒక్కటీ లేదు. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. ఎదురుగా ఉన్నది పులా, ప్రశ్నపత్రమా అని అది తీరిగ్గా విచారించదు. అది హెచ్చరిక పంపగానే శరీరం పోరాడటానికో, పారిపోవడానికో సిద్ధమవుతుంది. ముందుగా నరాల ద్వారా క్షణాల్లోనే గుండెకు ఆదేశం అందుతుంది. ఆ వెంటనే మూత్రపిండాల మీదుండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. కాళ్లకు, చేతులకు ఎక్కువ రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. కూర్చుని ఉన్నా నిమిషానికి 120 సార్లు కొట్టుకోవచ్చు.

చెమటకు కారణం ఉక్కపోతే కానక్కర్లేదు. అరచేతుల్లోని చెమట గ్రంథులు వేడికన్నా మనసులోని అలజడికే ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే ఏసీ గదిలోనూ చేతులు తడుస్తాయి. ఇక వణుకు. ఎవరి చేయి చాపినా వేళ్లలో కంటికి కనబడనంత సన్నని కదలిక ఎప్పుడూ ఉంటుంది. అడ్రినలిన్ కండరాల మీద పనిచేసి దాన్నే కంటికి కనబడేంత పెంచుతుంది. పరుగెత్తడానికి సిద్ధమైన కండరాలను బెంచీ మీద కదలకుండా కూర్చోబెడితే ఆ వణుకు మరీ ఇబ్బంది పెడుతుంది.

వీటికి ఊపిరి కూడా తోడవుతుంది. గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో తల తిరుగుతుంది, వేళ్లకు, పెదాల చుట్టూ తిమ్మిరి వస్తుంది. 'నాకేదో అయిపోతోంది' అని పిల్లలు హడలిపోతారు. ఆ భయాన్నే మెదడు మరో ప్రమాదంగా లెక్కేసి మళ్లీ హెచ్చరిక పంపుతుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. రక్తంలోకి వచ్చిన అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది. కొత్త భయం ఏదీ తోడవకపోతే చాలామందిలో పది ఇరవై నిమిషాల్లో దడ, వణుకు నెమ్మదిస్తాయి. పక్కన నిలబడి గద్దించే మనిషి ఉంటే మాత్రం ఆ హెచ్చరిక ఆగదు. మా బంధువులమ్మాయికి అరగంట పట్టింది అందుకేనని నా నమ్మకం. నిజంగా అనుమానం ఉంటే ఒక్కసారి మర్యాదగా చూసి, ఏమీ లేదని తేలాక అక్కణ్నుంచి తప్పుకోవాలి.

వణికే పిల్లల దగ్గర వంగి, మెల్లగా 'ఫర్వాలేదమ్మా, కాసేపట్లో తగ్గుతుంది, మంచినీళ్లు తాగు' అనాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనాలి. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ముఖానికి కవరు పెట్టి ఊపిరి తీయించే పాత చిట్కా మాత్రం వద్దు, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

ప్రతి వణుకూ భయం వల్లే వస్తుందనుకోకూడదు. ఇన్సులిన్ తీసుకునే పిల్లల్లో చక్కెర పడిపోయినా ఇవే చెమటలు, ఇదే వణుకు వస్తాయి. షుగర్ ఉందా అని అడిగి, ఉందంటే వెంటనే గ్లూకోజ్ తాగించాలి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి అన్నా, ఊపిరి అందక పిల్లికూతలు వినబడినా సెంటర్లోని ఏఎన్ఎంను పిలిచి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు.

పరీక్షలకు ముందు ఇన్విజిలేటర్లకు పెట్టే సమావేశంలో దీనికి పది నిమిషాలు కేటాయించాలని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులను కోరుతున్నాను. వణుకు వల్ల రాయలేక పోగొట్టుకున్న సమయాన్ని చీఫ్ సూపరింటెండెంట్ నమోదు చేసి, ఆ మేరకు అదనపు సమయం ఇచ్చే అధికారం కూడా ఆయనకే ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
ఖమ్మం