మస్కట్ పోటీ పెట్టే క్లబ్బులు ముందు ప్రాంప్ట్ సరిగ్గా రాయాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

కాలనీ క్లబ్బులు మస్కట్, అంటే క్లబ్బుకి గుర్తుగా వాడే బొమ్మ, డిజైన్ చేసే పోటీలు పెడుతున్నట్టు మీ పత్రికలో తరచూ ప్రకటనలు చూస్తున్నాను. పిల్లలూ కుర్రాళ్లూ ఉత్సాహంగా గీసి పంపుతున్నారు, సంతోషం. కానీ గీసేవాళ్లకి ఇచ్చే ప్రాంప్ట్ మాత్రం దాదాపు అన్ని ప్రకటనల్లోనూ ఒకటే: ఐక్యత, సేవాభావం ఉట్టిపడేలా ఆకర్షణీయమైన బొమ్మ గీయండి. ఇలాంటి బొమ్మల్ని టీషర్టుల మీద, బ్యాడ్జీల మీద ప్రింట్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, చెయ్యి బాగా తిరిగిన పిల్లల కష్టం కూడా ఈ ఒక్క వాక్యం వల్ల వృథా అవుతోంది. సేవాభావాన్ని ఎలా గీస్తారండీ? చివరికి అందరూ నవ్వు మొహం, పైకెత్తిన బొటనవేలు పెట్టేస్తారు, ఆ బొమ్మ ఏ క్లబ్బుదైనా కావచ్చు.

ప్రాంప్ట్‌లో కంటికి కనపడేవే రాయాలి. మొక్కలు నాటే క్లబ్బు ఒకటి ఉడుతని మస్కట్‌గా అనుకుందనుకోండి, నేనైతే ఇలా రాస్తాను:

"ఉడుత. తల గుండ్రం, ఒళ్లు కోడిగుడ్డు ఆకారం, తోక తలకన్నా పెద్దగా కామా గుర్తులా పక్కకి తిరిగి ఉండాలి. వీపు మీద మూడు లావు చారలు, వెంట్రుకలు గీయొద్దు. ముందుకు వంగి, ఒక కాలి మీద బరువు వేసి, మొలకని రెండు చేతులతో ఎదుటివాళ్లకి అందిస్తోంది. గోధుమ రంగు, మీగడ రంగు, ఆకుపచ్చ, వీటికి తోడు ముదురు గీత. షేడింగ్ వద్దు, నీడలు వద్దు."

ఇందులో 'సంతోషంగా' అనే మాట కావాలనే రాయలేదు, ఎందుకంటే అది పోజు కాదు. ముందుకు వంగడం, బరువు వేయడం, అందించడం, ఇవి పోజు. ఇవి కుదిరితే కళ్లు రెండు చుక్కలే అయినా ఉడుత మనసు తెలుస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది కూడా ఇక్కడే. ఉడుతని మనకి ఎదురుగా నిలబెట్టి, మొలకని గుండెల దగ్గర పట్టుకున్నట్టు గీస్తారు. కాగితం మీద ముద్దుగానే ఉంటుంది. అదే బొమ్మని మొత్తం నల్లగా నింపి చూడండి, చేతులూ మొలకా ఒంట్లో కలిసిపోయి మూట ఒకటి మిగులుతుంది, తోక కూడా వెనక దాక్కుంటే అది ఉడుతో ఎలుగుబంటో చెప్పలేం. ఉడుతని కాస్త పక్కకి తిప్పి, చేతులు ఒంటికి దూరంగా చాపి, చేతికీ పొట్టకీ మధ్య ఖాళీ కనిపించేలా గీస్తే నల్లటి ఆకారంలో కూడా తోక, చేతులు, మొలక వేటికవే తెలుస్తాయి. ప్రాంప్ట్ చివర "నల్లగా నింపినా గుర్తుపట్టేలా ఉండాలి" అని ఒక్క మాట చేర్చితే గీసేవాళ్లే ముందుగా సరిచూసుకుంటారు.

షేడింగ్ వద్దనడానికి కారణం అందం కాదు, ప్రింటింగ్. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కావాలి, రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ముదురు నుంచి లేతకి జారే రంగుని చిన్న చిన్న చుక్కలుగా మార్చి వేయాలి, ముతక గుడ్డ మీద ఆ చుక్కలు మరకల్లా కనపడతాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ మస్కట్ వాల్డీ అనే పొట్టి కాళ్ల కుక్క. దాని ఒంటి మీద ఉన్నవి రంగు పట్టీలే, అయినా చూడగానే కుక్క అని తెలిసిపోతుంది.

మూడు రంగులే అన్నా సరిపోదు, వాటిలో ముదురు లేత తేడా కూడా ఉండాలి. గోధుమ రంగు ఒంటి ముందు ముదురు ఆకుపచ్చ మొలక పెడితే, రంగుల్లో బాగానే ఉన్నా నోటీసుని నలుపు తెలుపులో జిరాక్స్ తీసేసరికి మొలక మాయం. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మారిస్తే నిమిషంలో తెలిసిపోతుంది. మొలకని ఒంటి బయటికి జరపడమో, లేత ఆకుపచ్చ వాడటమో చేస్తే చాలు.

క్లబ్బు పెద్దలకి ఇంకో మనవి. బహుమతి ఇచ్చేటప్పుడు పెద్ద కాగితం మీద చూసి మార్కులు వేయకండి. వచ్చిన బొమ్మలన్నిటినీ రెండు సెంటీమీటర్ల సైజుకి తగ్గించి, పక్కపక్కనే అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఇలా చూస్తామని ప్రకటనలోనే ముందుగా రాయండి, లేకపోతే గంటలకొద్దీ కూర్చుని వెంట్రుకలు గీసిన పిల్లకి అన్యాయం చేసినవాళ్లమవుతాం. మీరు కూడా ఇలాంటి ప్రకటనలు వేసేటప్పుడు ఆకారం, పోజు, రంగులు, సైజు రాశారా అని క్లబ్బు వాళ్లని ఒకసారి అడగగలిగితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు