కంట్లో మెరుపులు కనిపించిన రోజే చూడాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను సూర్యాపేట వైపు ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్షలు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా పని ఇదే. పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఆరు మీటర్ల దూరంలో ఉన్న చార్టు చదివిస్తాను. కింది వరస దాకా చదివితే "చూపు బాగుంది" అని చీటీ మీద రాస్తాను. ఆ మాట రాసినంత మాత్రాన కన్ను బాగున్నట్టు కాదని ఇంకొకరి దగ్గర నేర్చుకోలేదు, మా ఇంట్లోనే చూశాను. అందుకే మీకు ఈ ఉత్తరం.

మా బావగారికి 56 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మైనస్ ఏడు పవరు అద్దాలు. రెండేళ్ల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, చూపు బాగా వచ్చింది. ఒక శుక్రవారం రాత్రి పొలం దగ్గర మోటారు ఆపి వస్తుంటే, కుడి కంటి పక్కన ఎవరో టార్చి వేసి ఆర్పినట్టు తళుక్కుమందట. తల తిప్పితే మళ్లీ. శనివారం పొద్దున ముఖం కడుక్కుంటుంటే కంటి ముందు మసి రాలినట్టు సన్నటి నల్ల చుక్కలు, వాటి మధ్యలో సాలెగూడు పోగులాంటిది ఒకటి వేలాడుతూ కనిపించింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు.

అదే రోజు పట్టణంలో ఒక ఆస్పత్రికి వెళ్లారు. చార్టు చదివించారు. ఆయన చివరి వరస దాకా చదివారు. "వయసుతో వచ్చేదే, టెన్షన్ పడకండి, సోమవారం పెద్ద డాక్టరుగారు వస్తారు, అప్పుడు రండి" అని చుక్కల మందు ఇచ్చి పంపారు. ఆస్పత్రివాళ్లే ఏం లేదన్నాక మాకెందుకు చెప్పడమని ఆయన ఫోన్ కూడా చేయలేదు. ఆదివారం సాయంత్రం ఆ కంట్లో ముక్కు వైపు కింది మూల నుంచి నీడ పైకి రావడం మొదలైంది. సోమవారం లేచేసరికి ఆ కంటితో చూస్తే ఎదురుగా నిలబడ్డ మా అక్క ముఖం లేదు, పక్కన ఉన్న తలుపు మాత్రం ఉంది.

అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్లి, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి చూపిస్తే, కంటి వెనక వెలుగును పట్టే పొర అయిన రెటీనాలో, పైభాగంలో చెవి వైపు గుర్రపు డెక్క ఆకారంలో చిరుగు ఉందన్నారు. అప్పటికే రెటీనా నడిమి దాకా ఊడిపోయింది.

ఇది ఎలా జరుగుతుందంటే, కన్ను లోపల గుడ్డులో తెల్లసొనలాంటి జెల్ నిండి ఉంటుంది. వయసుతో అది నీరై, ముడుచుకుని, వెనక గోడకు అతుక్కుని ఉన్న రెటీనా నుంచి విడిపోతుంది. విడిపోయేటప్పుడు రెటీనాను లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు, తెలిసేది వెలుగు ఒక్కటే. కాబట్టి ఆ లాగుడు మనకు మెరుపుగా కనిపిస్తుంది. చాలామందిలో జెల్ మామూలుగానే విడిపోతుంది, ఏ హానీ ఉండదు. కానీ ఇలా అకస్మాత్తుగా మెరుపులు, చుక్కలతో వచ్చేవారిలో సుమారు ఏడుగురిలో ఒకరికి ఆ లాగుడుకు రెటీనా చిరిగి ఉంటుంది. చిరిగేటప్పుడు చిన్న రక్తనాళం తెగితే ఆ రక్తమే మసి రాలినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత చిరుగులోంచి నీరు వెనక్కి దూరి, తడిసిన గోడ మీది కాగితంలా రెటీనాను లేపుకుంటూ పోతుంది. చిరుగు పైభాగంలో ఉంటే బరువుకు నీరు కిందికి దిగుతుంది కాబట్టి ఇంకా తొందరగా ఊడుతుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, పైన ఊడితే నీడ కింద కనిపిస్తుంది.

మా బావగారు శనివారం చార్టు మొత్తం చదవగలిగారంటే కారణం, ఆ రోజుకు రెటీనా నడిభాగం ఇంకా ఊడలేదు. చార్టు పరీక్షించేది ఆ నడిభాగాన్నే. చిరుగు పడేది అంచుల్లో. దాన్ని చూడాలంటే కనుపాప పెద్దది చేసి, డాక్టరు తలకు లైటు పెట్టుకుని, చేతిలో లెన్సుతో, రెటీనా అంచు దాకా వెతకాలి. చార్టు బాగా చదివాడని పేషెంటును ఇంటికి పంపడమంటే, కాపాడగలిగిన రోజునే పోగొట్టుకోవడం.

ఆ శనివారమే చూసి ఉంటే చుక్కల మందుతో కంటిని మొద్దుబార్చి, చిరుగు చుట్టూ రెండు మూడు వరసల్లో లేజర్ చుక్కలు పెట్టేవారు. పావుగంట పని, అదే రోజు ఇంటికి. ఆ మచ్చలు గట్టిపడి అతుక్కోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆయనకు జరిగింది వేరు. ఆపరేషన్ థియేటర్, కంటి లోపల జెల్ తీసేసి గ్యాస్ నింపడం, రోజుల తరబడి తల దించుకుని పడుకోవడం. రెటీనా మళ్లీ అతుక్కుంది. కానీ నడిభాగం ఒకసారి ఊడి అతుక్కుంటే పాత చూపు మొత్తంగా తిరిగి రావడం అరుదు. ఇప్పుడు ఆ కంటితో చూస్తే గుమ్మం వంకరగా కనిపిస్తుందంటారు. పంపుసెట్టు స్టార్టరు మీద ఫేజు లైట్లు ఏది ఏదో తెలియక వేలితో తడుముకోవడం నేను చూశాను.

మంత్రి గారూ, 2018 ఆగస్టు 15న మన రాష్ట్రం కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు నేనూ ఆ క్యాంపుల్లో పనిచేశాను. అద్దాలు పెట్టుకుని మొదటిసారి సూదిలో దారం ఎక్కించిన ముసలమ్మల ముఖాలు చూశాను. అది మంచి పని, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఈ జబ్బు క్యాంపు వచ్చేదాకా ఆగదు. నేను అడిగేది కొత్త మిషన్లు కాదు.

మొదటిది ఓపీ చీటీ రాసే దగ్గరే. కంటి సమస్యతో వచ్చిన ప్రతి ఒక్కరినీ కొత్తగా మెరుపులు వస్తున్నాయా, ఒక్కసారిగా చుక్కలు పెరిగాయా, పక్క నుంచి తెరలాంటి నీడ వస్తోందా అని అడగాలి. ఒక్కో కన్ను మూసి చూసుకోమని చెప్పాలి, లేకపోతే రెండో కన్ను లోపాన్ని కప్పేస్తుంది. ఒక్కదానికి ఔనన్నా, చార్టు ఎంత బాగా చదివినా, చీటీ మీద "ఈ రోజే రెటీనా పరీక్ష" అని రాయాలి. ఏళ్ల తరబడి మారకుండా ఉన్న ఒకటి రెండు చుక్కలకు ఈ తొందర అక్కర్లేదు. రెండు కళ్లలోనూ వంకర టింకర గీతలు మెరిసి, అరగంటలో పోయి, ఆపై తలనొప్పి వస్తే అది ఎక్కువగా మైగ్రేన్. ఈ తేడా మా సిబ్బందికి ఒక్క పూటలో నేర్పవచ్చు.

రెండోది, ఆ చీటీ పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియాలి. సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, జిల్లా ఆస్పత్రుల్లో ఆ రోజు రెటీనా చూడగలిగిన డాక్టరు ఎవరో, ఆదివారాలు, పండగ రోజులతో సహా, మా లాంటి వాళ్లకు ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. వెళ్లేవారి వెంట ఒక మనిషి ఉండాలనీ, చుక్కలు వేశాక కొన్ని గంటలు బండి నడపలేరనీ మేమే చెప్పి పంపుతాం. చిరుగు లేదన్నా కథ అయిపోయినట్టు కాదు, కొన్ని వారాల్లో మళ్లీ చూపించుకోవాలి, ఈలోగా నల్ల చుక్కలు పెరిగితే వెంటనే రావాలి.

మూడోది శుక్లం ఆపరేషన్ డిశ్చార్జి కార్డు. ఆపరేషన్ అయిన కంటికి ఈ ప్రమాదం నెలల తర్వాతా ఉంటుంది, ఏళ్ల తర్వాతా ఉంటుంది. మైనస్ పవరు ఎక్కువున్నవారికి మరీను. మా బావగారి కార్డు ఇంకా మా అక్క బీరువాలో ఉంది. కంట్లో నీళ్లు పడనీయవద్దని, తలస్నానం ఎప్పుడు చేయాలో, చుక్కలు ఎన్నిసార్లు వేయాలో అన్నీ అందులో ఉన్నాయి. కింద రెండు వేళ్ల వెడల్పున ఖాళీ జాగా కూడా ఉంది. "మెరుపులు, కొత్త నల్ల చుక్కలు, పక్క నుంచి నీడ కనిపిస్తే నొప్పి లేకపోయినా అదే రోజు రండి" అన్న వాక్యం అక్కడ పెద్ద అక్షరాల్లో పడుతుంది.

ఇట్లు,
ఒక ఆప్తాల్మిక్ ఆఫీసర్,
సూర్యాపేట జిల్లా