కార్డు డబ్బు సంగతి, కావలిలో అక్కకు

టొరంటో,
ఆదివారం

అక్కా,

ఫోన్‌లో నువ్వు ఏడుస్తూ చెప్తుంటే సగం అర్థం కాలేదు. నేను చెప్పినదీ నీకు సరిగ్గా వినబడి ఉండదు. అందుకే రాస్తున్నా. మొన్న రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి మంచి పని చేశావు.

బావ ఫోన్‌లో పందెం ఆటల యాప్ ఆడి చిన్నోడు పోగొట్టిన 31,500 రూపాయల్లో రెండు రకాల డబ్బుంది. రెంటికీ ఒకే దారి లేదు.

యూపీఐలో పోయిన 19,500 ముగ్గురు మనుషుల పేర్ల మీదకు వెళ్లింది. గెలిచిన డబ్బు తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమని యాప్‌వాళ్లు అడిగి వేయించుకున్నారు. ఇది ఆట కాదు, మోసం. కార్డు చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించే చార్జ్‌బ్యాక్ లాంటిది దీనికి దొరకదు. డబ్బు ఇంకా వాళ్ల ఖాతాలో ఉంటే 1930 ద్వారా ఆపించగలరు, తీసేసుకుంటే కష్టం. బావ ఫోన్‌లో ప్రతి చెల్లింపు కింద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. ఆ మూడూ రాసి cybercrime.gov.in లో పెట్టండి.

బావ కార్డు మీద పోయిన 12,000 సంగతి వేరు. నేను ఇక్కడ చూసేది కార్డు చెల్లింపు వెనక్కిమ్మని బ్యాంకులో వేసే ఫిర్యాదుల పనే, డిస్ప్యూట్లంటారు, కాబట్టి చెప్తున్నా, బావను "నాకేమీ తెలియదు, ఎవరో దొంగిలించారు" అని బ్యాంకుకు రాయనివ్వకు. ఓటీపీ ఆయన ఫోన్‌కే వచ్చింది, అదే ఫోన్‌లో కొట్టారు. బ్యాంకు మొదట చూసేది అదే. ఇంట్లో మనిషి వాడితే కార్డు నియమాల్లో దాన్ని మోసంగా లెక్కకట్టరు. పైగా అబద్ధం బయటపడితే ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

నిజమే రాయమను, కానీ ముందు బ్యాంకుకు కాదు, యాప్‌వాళ్లకు. ఖాతా వాడింది పద్నాలుగేళ్ల పిల్లవాడు, 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు, మన రాష్ట్రంలో పందెం ఆటల మీద 2020 నుంచే నిషేధం ఉంది, డబ్బు వెనక్కివ్వండి, ఖాతా మూసేయండి అని ఈమెయిల్ పెట్టాలి. చిన్నోడి ఆధార్‌లో పుట్టిన తేదీ కనిపించేలా జత చేయండి, నంబరు మాత్రం చెరిపేయండి.

వాళ్లు "రిఫండ్ చేస్తాం" అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే మన పంట పండినట్టే. బావది వీసా కార్డు కదా, పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే ఆ ఈమెయిల్ చూపించి, ఇస్తామన్న రిఫండ్ ఇవ్వలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. మోసం అని వేసిన దానికన్నా ఇది బాగా నిలబడుతుంది. అసలు జవాబే ఇవ్వకపోతే మాత్రం ఆశ తక్కువే. అప్పుడు బ్యాంకుకు అన్నీ వివరంగా రాసి, రసీదు తీసుకుని, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు వెబ్‌సైటు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయాలి.

రొయ్యల మేతకు దాచిన డబ్బని బావ కోపంలో యాప్ తీసేస్తాడేమో, ఆపు. లోపల మిగిలిన బ్యాలెన్సు, చాటింగు, ఖాతా నంబరు, అన్నిటికీ ఫొటోలు తీశాకే తీయాలి. యూపీఐ పిన్ మాత్రం ఇవాళే మార్చమను.

ఈమెయిల్ పంపేముందు నాకు పెట్టు, చూసి సరిచేస్తా.

నీ తమ్ముడు