కవరింగ్ లెటర్ విషయంలో మా వల్ల జరిగిన పొరపాటు, ఇకపై మా పద్ధతి

"డ్రాయింగ్స్ అయిపోయాయన్నారు, ఫీజు కూడా కట్టేశాం. ఇంకా పర్మిషన్ ఫైలుతో పెట్టే ఆ ఒక్క పేజీ కవరింగ్ లెటర్‌కి రెండు రోజులెందుకండీ? పేరు, అడ్రస్ మార్చి పంపేస్తే సరిపోదా?"

మడిపాక్కంలో ఇల్లు కట్టుకుంటున్న ఒక కస్టమర్ పోయిన వారం అడిగిన మాట ఇది. ఆయనకు ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. చెన్నైలో మా దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్స్ చేయించుకుంటున్న అందరికీ ఈ సంగతి తెలియాలి కాబట్టి పూర్తిగా రాస్తున్నాను.

పేరు, అడ్రస్ మార్చి పంపినందుకే ఈ ఏడాది మా ఫైలు ఒకటి పర్మిషన్ ఆఫీసు నుంచి వెనక్కి వచ్చింది. తప్పు వాళ్లది కాదు, మాది. లెటర్ టైపు చేసింది మా ఆఫీసు కుర్రాడే అయినా సంతకం నాది, కాబట్టి తప్పూ నాదే.

ఆ ఇల్లు స్టిల్ట్ మీద రెండు అంతస్తులు, పన్నెండు పిల్లర్లు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన మొదటి ప్లాన్ ప్రకారం మేం డిజైన్ చేశాం. తర్వాత ఇంటివాళ్లు కింద కారు తిప్పుకోవడానికి చోటు చాలడం లేదన్నారు. ఆర్కిటెక్ట్ మధ్య వరసలోని సి-6 పిల్లర్‌ను 45 సెంటీమీటర్లు పక్కకు జరిపి, రివిజన్ 2 పంపారు. మేం లెక్కలు మళ్లీ చేశాం, బీములు, స్లాబు, పిల్లర్ల షీట్లు మార్చాం. పునాదుల లేఔట్ షీటు ఒక్కటే పాతది ఉండిపోయింది. కవరింగ్ లెటర్‌లో మాత్రం "జతపరిచిన 7 షీట్లూ ఆర్కిటెక్ట్ రివిజన్ 2 ప్రకారమే ఉన్నాయి" అని రాసి, సంతకం చేసి పంపేశాం.

ఆఫీసులో ఫైలు చూసిన ఇంజినీరు రెండు షీట్లు పక్కపక్కన పెట్టి కొలతలు చదివారు. ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో సి-6కి ఒకవైపు 4.05 మీటర్లు, రెండోవైపు 3.45. మా పునాదుల షీటులో 3.60, 3.90. రెండిట్లోనూ మొత్తం 7.50 మీటర్లే! అందుకే మాకు దొరకలేదు. మేం బయటి కొలతలు కూడి చూసుకుని సరిపోయాయి అనుకున్నాం. లోపల ఒక పిల్లర్ జరిగితే బయటి మొత్తం మారదు. పిల్లర్‌కీ పిల్లర్‌కీ మధ్య దూరం విడివిడిగా చదివితేనే తెలుస్తుంది.

45 సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. సి-6 పిల్లర్ కింద పునాదిగా వేసే ఫుటింగు సైజు మీటరున్నర చదరం. పిల్లర్ దాని నడిమధ్యలో నిలబడితే బరువు నేల మీదకు సమానంగా దిగుతుంది. మధ్య నుంచి వెడల్పులో ఆరో వంతు, అంటే 25 సెంటీమీటర్లు దాటి పిల్లర్ జరిగితే, అవతలి అంచు కింద నేలకు బరువే అందదు. అంతా ఇవతలి అంచు మీదే పడుతుంది. 45 సెంటీమీటర్లకు లెక్క కడితే ఆ అంచు కింద ఒత్తిడి మూడు రెట్లు దాటింది. నేల అంత మోయలేకపోతే ఫుటింగు ఒకవైపు కుంగుతుంది, పైన గోడలో ఏటవాలు పగులు కనిపిస్తుంది. మేస్త్రి పాత షీటు చూసి మార్కింగ్ చేసి ఉంటే ఫుటింగూ పిల్లరూ రెండూ పాత చోటే లేచేవి, కారు తిరిగేది కాదు, పైన బీములు కుదిరేవి కావు. కొత్త ప్లాన్ చూసి పిల్లర్ మాత్రం జరిపి ఉంటే పైన చెప్పిన కుంగుడు. ఫైలు వెనక్కి పంపిన ఆ ఇంజినీరుకు నేను మనస్ఫూర్తిగా రుణపడి ఉన్నాను.

అక్కడితో అయిపోలేదు. వెనక్కి వచ్చిన లెటర్‌ను మొదటిసారి నిదానంగా, ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివాను. డిక్లరేషన్లలో ఒక చోట "భూకంప జోన్ 2 ప్రకారం డిజైన్ చేయడమైనది" అని ఉంది. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. అంతకుముందు బెంగళూరులో ఒక బంధువుల ఇంటికి ఇచ్చిన లెటర్‌నే కాపీ చేసి ఇది తయారు చేశారు. భూకంప డిజైన్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) ప్రకారం బెంగళూరు జోన్ 2లో ఉంది, చెన్నై జోన్ 3లో ఉంది. జోన్ 2కి లెక్కలో వాడే అంకె 0.10, జోన్ 3కి 0.16. అంటే అదే ఇల్లు చెన్నైలో కడితే పక్కకు ఊపే బలాన్ని 60 శాతం ఎక్కువగా తీసుకోవాలి. పైగా జోన్ 3 అయితే, భూకంపాన్ని తట్టుకునేలా స్టీలు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 కూడా పాటించి తీరాలి. పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు దగ్గరదగ్గరగా వేయాలి, రింగు కొక్కేన్ని 135 డిగ్రీలు లోపలికి వంచాలి.

మా లెక్కలు, డ్రాయింగ్స్ జోన్ 3కే ఉన్నాయి. ఆ రాత్రే కూర్చుని రెండుసార్లు చూశాను. తప్పు లెటర్‌లోనే ఉంది. కానీ ఫైలులో నా సంతకంతో ఉండేది ఆ లెటరే. రేపు ఏదైనా తేడా వస్తే ముందు తీసి చదివేది దాన్నే.

ఈ ఆలస్యం వల్ల ఆ కుటుంబం శ్రావణంలో పెట్టుకున్న శంకుస్థాపన ముహూర్తం తప్పిపోయింది. ఊరి నుంచి పెద్దావిడ టికెట్ కూడా తీసుకున్నారు. వాళ్లింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఫీజులో సగం తిరిగి ఇచ్చాం, రెండోసారి ఫైలు పెట్టడానికి అయిన ఖర్చంతా మేమే పెట్టుకున్నాం. ముహూర్తం మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం. ఆ బాధ ఉంది.

ఇప్పుడు ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో చెబుతాను. పాత లెటర్ కాపీ చేయడం పూర్తిగా ఆపేశాం. ఎన్‌క్లోజర్ల జాబితాలో "స్ట్రక్చరల్ డ్రాయింగ్స్, 7 షీట్లు" అని ఒకే లైను రాయడం లేదు. ఒక్కో షీటుకు ఒక్కో లైను. మచ్చుకు పునాదుల షీటుకు ఇలా ఉంటుంది: "ఎస్-02, పునాదుల లేఔట్, రివిజన్ 2, తేదీ, ఆధారం: ఆర్కిటెక్ట్ షీటు ఏ-03, రివిజన్ 2." లెటర్ ఇంగ్లీషులోనే వెళుతుంది, అర్థం ఇదే. ఈ లైను టైపు చేసేవాళ్లు ఆ షీటు తెరిచి, కింద మూలన ఉండే టైటిల్ డబ్బాలో నంబరు, రివిజను, తేదీ చూసే రాయాలి. ఫైలు పేరు చూసి రాయకూడదు. "ఫైనల్" అని పేరు పెట్టిన ఫైలులోనే కదా పాత షీటు దొరికింది. ఆ తర్వాత డిజైన్ చేయని మరో మనిషి రెండు ప్లాన్లూ పక్కన పెట్టుకుని పిల్లర్ల మధ్య దూరాలన్నీ పైకి చదువుతారు. నేను టిక్కు పెడతాను. పన్నెండు పిల్లర్ల ఇంటికి ఈ పని గంటలోపే అవుతుంది. ఏదైనా తేడా వస్తే ఆర్కిటెక్ట్‌తో మాట్లాడి, షీటు మార్చి, మళ్లీ చదవడానికే రెండో రోజు పడుతుంది.

సాయిల్ రిపోర్టు కూడా అంతే. "నేల పరీక్ష ప్రకారం డిజైన్ చేశాం" అని ఊరికే రాయం. రిపోర్టు నంబరు, తేదీ, ఎంత లోతులో ఎంత బరువు మోస్తుందని తేల్చారో ఆ అంకె లెటర్‌లో రాస్తాం. లెక్కల పుస్తకంలోనూ పునాదుల షీటులోనూ అదే అంకె ఉందా అని చూస్తాం. పక్కింటివాళ్ల రిపోర్టు ఉంది, అదే పెట్టేయండి అని కొందరు అడుగుతున్నారు. దయచేసి అడగకండి. మీ స్థలంలో బోరు వేసి తీసిన రిపోర్టు లేకుండా ఆ వాక్యం కింద సంతకం పెట్టను.

ఇంకొక్క డిక్లరేషన్ గురించి మీతో మొహమాటం లేకుండా మాట్లాడాలి. పని జరిగేటప్పుడు పర్యవేక్షిస్తానని ఇంజినీరు ఇచ్చే హామీ. చాలామంది దీన్ని లాంఛనంగా చూస్తారు. డిజైన్‌కి మాత్రమే డబ్బు మాట్లాడుకుని, ఆ వాక్యం కింద కూడా సంతకం పెట్టమంటారు. 2014 జూన్ 28న మన చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ వాక్యం కింద పెన్ను పెట్టిన ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

కాబట్టి ఇకపై రెండే పద్ధతులు. మమ్మల్ని సైటు పర్యవేక్షణకు కూడా పెట్టుకుంటే ఆ హామీ ఇస్తాం. ఫుటింగు స్టీలు, పిల్లర్ స్టీలు, ప్రతి స్లాబు స్టీలు కాంక్రీటు పోయకముందు మేం వచ్చి చూడాలి, మేం సరే అన్నాకే పోయాలి. పెట్టుకోకపోతే డిజైన్‌కి మాత్రమే బాధ్యత అని లెటర్‌లో స్పష్టంగా రాస్తాం. అప్పుడు పర్యవేక్షణకు మీరు పెట్టుకున్న రిజిస్టర్డ్ ఇంజినీరు విడిగా సంతకం పెట్టాలి. ఆ మనిషి మధ్యలో తప్పుకుంటే ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి, కొత్తవాళ్లు వచ్చేదాకా పని ఆపాలి.

మీవైపు నుంచి ఒక్కటే కోరుతున్నాను. ప్లాన్‌లో మార్పు ఏదైనా, కిటికీ జరిపినా, బాల్కనీ అడుగు పెంచినా, ఆర్కిటెక్ట్‌తో పాటు అదే రోజు మాకూ చెప్పండి. లెటర్ పంపేముందు ఒక కాపీ మీ వాట్సాప్‌కి వస్తుంది. అందులో మీ పేరు, సర్వే నంబరు, అంతస్తుల సంఖ్య, ఆర్కిటెక్ట్ రివిజన్ నంబరు మీ దగ్గరున్న కాగితాలతో పోల్చి చూసి "సరే" అని పంపండి. అది వచ్చాకే ఫైలు కదులుతుంది.

ఇప్పటికే మేం పెట్టిన ఫైళ్లలో అనుమతి రాకుండా ఉన్నవి నాలుగు. నాలుగిటినీ ఈ పద్ధతిలో మళ్లీ చదివాం. మూడు సరిగ్గా ఉన్నాయి. నాలుగోదానిలో మెట్ల షీటు తేదీ లెటర్‌లో తప్పుగా పడింది, కొలతల్లో తేడా లేదు. సవరించిన లెటర్ నిన్ననే పెట్టాం, ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి చెప్పాం.